ఆన్‌లైన్ తరగతుల రికార్డింగులకు హ్యాండ్‌బ్రేక్: దీర్ఘకాలం వాడిన తరువాత ఒక విద్యార్థి సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని సీఏ ఇంటర్మీడియెట్‌కు చదువుతున్నాను. నా తరగతులలో ఎక్కువ భాగం విజయవాడ నుంచి ఆన్‌లైన్‌లో ప్రత్యక్షంగా వస్తాయి. అధ్యాపకుల అనుమతితో, కేవలం సొంత పునశ్చరణ కోసం, వాటిని ఓబీఎస్ స్టూడియోతో ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసుకుంటాను. ఈ రికార్డింగులను కుదించి భద్రపరచడానికి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చాలాకాలంగా వాడుతున్నాను. అది ఈ పనికి ఎంతవరకు సరిపోతుందో, ఎక్కడ సరిపోదో ఇక్కడ రాస్తున్నాను.

సమస్య ఎంత పెద్దదో చిన్న లెక్కతో తెలుస్తుంది. నేను ఓబీఎస్‌లో పెట్టుకున్న వీడియో బిట్‌రేట్ సెకనుకు 2,500 కిలోబిట్లు, ధ్వనికి మరో 160. ఆ లెక్కన గంట తరగతికి సుమారు 1.2 జీబీ అవుతుంది. ఒక పరీక్షకు 300 గంటల తరగతులు ఉన్నాయనుకుంటే 360 జీబీ కావాలి. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న ఎస్‌ఎస్‌డీ మొత్తం సామర్థ్యమే 256 జీబీ. అలాగని అన్ని రికార్డింగులూ ఇంత స్థలం తినవు. మా చదువు బృందం జూమ్‌లో పెట్టుకునే చర్చలు, అందులోనూ కేవలం స్క్రీన్ పంచుకున్నవి, ముందే బాగా కుదించి ఉంటాయి. హ్యాండ్‌బ్రేక్ వీడియోను ఎప్పుడూ కొత్తగా ఎన్‌కోడ్ చేస్తుందే తప్ప ఉన్నదాన్ని యథాతథంగా తీసుకోదు కనుక, అటువంటి ఫైళ్లను దీనికి అప్పగిస్తే స్థలం పెద్దగా మిగలదు, స్పష్టత మాత్రం తగ్గుతుంది. అందుకే జూమ్ ఫైళ్లను నేను దీని జోలికి తీసుకురాను. చర్చల విషయంలో వీడియో అవసరం తీరాక, జూమ్ విడిగా ఇచ్చే m4a ధ్వని ఫైలును, చాట్ ఫైలును మాత్రమే ఉంచుకుంటాను. అయితే ఆ ఫోల్డర్‌లో mp4 లేకుండా `double_click_to_convert_01.zoom` అన్న ఫైలు కనిపిస్తే మార్పిడి ఇంకా పూర్తి కాలేదని అర్థం. అది పూర్తయ్యేదాకా ఫోల్డర్‌ను కదిలించకూడదు.

ఇక అసలు పని. నగదు ప్రవాహ నివేదికలకు సంబంధించిన ఏఎస్ 3 పాఠాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. అది రెండు గంటల పది నిమిషాల తరగతి, మూల ఫైలు 2.6 జీబీ. అధ్యాపకులు ఒక లెక్కను పరోక్ష పద్ధతిలో ఎక్సెల్ పట్టికలోనే చేసి చూపించారు. తెరపై గంటల తరబడి కదిలేది కర్సర్, అప్పుడప్పుడు మారే అంకెలు, మూలన చిన్న చతురస్రంలో అధ్యాపకుల ముఖం మాత్రమే. ఇటువంటి దృశ్యానికి సెకనుకు 30 ఫ్రేములు అనవసరం. నేను `Fast 1080p30` ప్రీసెట్‌తో మొదలుపెట్టి, `Framerate` 10కి తగ్గించి, `Constant Framerate` ఎంచుకుంటాను. ధ్వనిని `Mono`కు మార్చి 64 కిలోబిట్లు పెడతాను, ఒక్క మనిషి గొంతుకు అది చాలు. రిజల్యూషన్‌ను మాత్రం తగ్గించను, ఎందుకంటే పట్టికలోని చిన్న అంకెలు మొట్టమొదట దెబ్బతినేది అక్కడే.

నాణ్యతను నిర్ణయించేది `Constant Quality` కింద ఉండే ఆర్‌ఎఫ్ అంకె. అది పెరిగేకొద్దీ ఫైలు చిన్నదవుతుంది, నాణ్యత తగ్గుతుంది. మొత్తం తరగతిని ఎన్‌కోడ్ చేసి చూడనక్కరలేదు. `Range`ను సెకన్లకు మార్చి, తెరపై అతి చిన్న అక్షరాలు ఉన్న రెండు నిమిషాలను ఎంచుకుని, 22, 26, 30 విలువలతో మూడు ముక్కలు చేసి, ఒకే క్షణం దగ్గర ఆపి పక్కపక్కన చూస్తే తేడా తెలుస్తుంది. ఈ తరగతిలో 26 వరకు వర్కింగ్ నోట్సులోని అంకెలన్నీ శుభ్రంగా చదవగలిగాను. 30 దగ్గర పట్టిక గీతలు అక్కడక్కడ మాయమై, 3కీ 8కీ మధ్య తేడా అనుమానాస్పదమైంది. అకౌంటెన్సీలో అంకెను ఊహించుకోవలసి వస్తే ఆ రికార్డింగు ఉన్నా లేనట్టే. అందుచేత 26 దగ్గర ఆగాను, పూర్తి ఫైలు 280 ఎంబీ చుట్టూ వచ్చింది. తెల్లని తెరపై ఎర్ర కలంతో రాసిన అక్షరాల అంచులు మసకగా కనిపిస్తే మాత్రం తప్పు ఈ విలువది కాకపోవచ్చు. సాధారణ వీడియోలో రంగుల సమాచారం వెలుగు సమాచారం కంటే తక్కువ వివరంతో నిల్వ అవుతుంది కనుక ఆ మసక మూల ఫైలులోనే ఉంటుంది, ఆర్‌ఎఫ్ తగ్గించినా పోదు.

వీడియో ఎన్‌కోడర్‌గా x265 ఎంచుకుంటే ఫైలు ఇంకొంత చిన్నదవుతుంది, కానీ సమయం అనేక రెట్లు పడుతుంది, పాత ఫోన్లు కొన్ని దానిని సరిగా ఆడించవు. నేను x264తోనే ఉండిపోయాను. అయినా ఎన్‌కోడింగ్ నడుస్తున్నంతసేపూ ప్రాసెసర్ పూర్తి వేగంతో పనిచేస్తుంది. మన ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, పని సాగుతూనే ఉంటుంది. వారమంతటి ఫైళ్లను వరుసలో చేర్చి ఆదివారం తెల్లవారుజామున మొదలుపెడితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. హ్యాండ్‌బ్రేక్‌లో నాకు బాగా నచ్చినది ఈ వరుస పద్ధతి. నచ్చనిది, తయారైన ఫైలుకు తరగతి తేదీ కాక ఎన్‌కోడ్ చేసిన రోజు తేదీ పడటం. ఏడాది తరువాత తేదీ ప్రకారం వెతికితే ఏమీ దొరకదు. కాబట్టి తేదీని ఫైలు పేరులోనే, సంవత్సరం ముందు వచ్చేలా రాస్తాను.

మూల ఫైలును తొలగించే ముందు చేసే తనిఖీయే ఈ క్రమంలో అత్యంత ముఖ్యమైన భాగం. ముందుగా రెండు ఫైళ్ల నిడివి సరిపోలిందో చూస్తాను. తరువాత చివరి అయిదు నిమిషాలకు వెళ్లి, అధ్యాపకులు ఒక అంకెను పలికే క్షణమూ అది తెరపై కనిపించే క్షణమూ కలుస్తున్నాయో గమనిస్తాను, ఎందుకంటే ధ్వని మెల్లగా జారే లోపం మొదట్లో కనిపించదు. ఆపై ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత కమాండ్ సాధనంతో ఫైలును మొదటి నుంచి చివరిదాకా చదివిస్తాను.

```
ffmpeg -v error -i 2025-02-14_AS3_02.mp4 -f null -
```

ఏ సందేశమూ రాకుండా ముగిస్తే డీకోడింగులో లోపం దొరకలేదని అర్థం. `moov atom not found` అని వస్తే ఆ ఫైలుకు సూచిక లేదు, అంటే రాయడం మధ్యలోనే ఆగిపోయింది. సాధారణ mp4కు ఆ సూచిక చివరలో పడుతుంది కాబట్టి, తరగతి మధ్యలో కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోతే అప్పటిదాకా జరిగినదంతా తెరుచుకోకుండా పోతుంది. ఓబీఎస్‌లో mkvగా రికార్డు చేస్తే అప్పటివరకు రాసిన భాగం దక్కుతుంది, హ్యాండ్‌బ్రేక్ mkvని నేరుగా తీసుకుంటుంది.

తనిఖీలో నిలిచిన ఫైలు రెండు చోట్లకు వెళ్లాకే మూల ఫైలు తొలగుతుంది. ఒకటి గదిలోని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, రెండవది పండుగకు వెళ్లినప్పుడల్లా నవీకరించే, ఇంట్లో ఉండే డిస్క్. ఆ రెండవ ప్రతి తయారయ్యేదాకా కుదించిన ఫైలు ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది. 300 గంటలు ఈ పద్ధతిలో 40 జీబీకి అటూఇటుగా వస్తాయి కనుక రెండు ప్రతులు భారం కాదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిళ్లకూ ఫోటోలకూ కలిపే కాబట్టి, అక్కడ పరీక్షకు ముందు మళ్లీ చూడవలసిన కొద్ది తరగతులనే ఉంచుతాను. నల్లబల్ల ముందు అధ్యాపకులు నడుస్తూ చెప్పే తరగతులకు మాత్రం ఈ అమరిక వాడవద్దని నా సలహా. చిత్రమంతా కదులుతుంది కనుక 10 ఫ్రేముల వద్ద చేతి కదలిక తెగిపోతున్నట్టు కనిపిస్తుంది, ఫైలు కూడా ఇంతగా తగ్గదు. వాటికి 25 లేదా 30 ఫ్రేములనే ఉంచి, ఆర్‌ఎఫ్ 24 దగ్గర ప్రయత్నించడం మేలు.