ఓపెన్ టెన్త్: ఐదు పేపర్లూ ఒకేసారా, రెండు విడతలుగానా?

పలాస జీడిపప్పు బట్టీలో పనిచేసే ఒక తల్లి అనుకుందాం. ఏడో తరగతితో చదువు ఆగి ఇరవై ఏళ్లు దాటింది. సార్వత్రిక విద్యాపీఠంలో టెన్త్‌కి చేరింది. పాసైన సబ్జెక్టు మార్కులు నిలిచే ఉంటాయి కాబట్టి మిగతావి తర్వాత రాసుకోవచ్చు.

సమయం: పిల్లలు పడుకున్నాక రోజుకో గంట దొరుకుతుంది. ఐదు సబ్జెక్టులైతే ఒక్కోటి ఐదు రోజులకోసారి చేతికొస్తుంది, ఆలోగా చదివింది జారిపోతుంది. రెండే అయితే రోజు విడిచి రోజు వస్తుంది.

ఖర్చు: ఒకేసారైతే పరీక్ష కేంద్రానికి తిరగడం, కూలి పోగొట్టుకోవడం ఒక్క సీజన్‌తో సరి. విడతలుగా అయితే రెండు సీజన్లు.

ధైర్యం: అసలు తేడా ఇక్కడే. కొందరు తప్పేది తెలియక కాదు, చెయ్యి ఆడక. మూడు గంటల పేపర్లో గంటకే వేళ్లు పట్టేస్తాయి, తెలిసిన జవాబు కూడా మిగిలిపోతుంది. మొదట ఇరవై నిమిషాలు చూడకుండా రాయండి, వారానికి పది నిమిషాలు పెంచండి. తెలుగు, సాంఘికం ముందు రాస్తే ఈ అలవాటు వాటిలోనే కుదురుతుంది. లెక్కలు ముందు పెట్టుకుని తప్పితే, మళ్లీ పుస్తకం తీయడమే కష్టం.

ఉద్యోగ నోటిఫికేషన్ గడువు దగ్గర పడితే, ఇంట్లో వంట పంచుకునేవాళ్లుంటే ఒకేసారి రాయండి. బట్టీ పనితో పాటు చదివేవాళ్లకి రెండు విడతలే నయం. మొదటి మెమో వచ్చిన వారంలోనే రెండో విడత ఫీజు ఎప్పుడో స్టడీ సెంటర్లో అడగండి, గడువు దాటితే ఒక సీజన్ పోతుంది.