జాగ్రత్త: ఓవర్‌బుకింగ్ అని విమానం ఎక్కనివ్వకపోతే, గేటు దగ్గర "సరే" అనేముందు ఇది చదవండి

పండగలకీ, పెళ్లిళ్ల సీజన్‌లోనూ టికెట్లు కొనేవాళ్లంతా ఒక్కసారి ఇది చదవండి. టికెట్ కన్ఫర్మ్ అయి ఉంటుంది, టైముకే వెళ్లి ఉంటారు. అయినా కౌంటర్‌లో "ఫ్లైట్ ఫుల్ అయిపోయింది సార్, పొద్దున ఫ్లైట్‌లో వేస్తాం" అంటారు. చాలామంది కాసేపు వాదించి, చివరికి పొద్దున టికెట్ చేతిలో పెట్టగానే వెళ్లిపోతారు. తమకు డబ్బు రావాలన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు.

కొందరు ప్రయాణికులు ఎలాగూ రారన్న లెక్కతో సంస్థలు ఉన్న సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్ముతాయి. మన దేశంలో అది నేరం కాదు. కానీ అందరూ వచ్చేస్తే ఏం చేయాలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. సంస్థ ముందుగా వాలంటీర్లను అడగాలి, అంటే ఏదో ఒక ప్రయోజనం తీసుకుని ఇష్టపూర్వకంగా సీటు వదులుకునేవాళ్లను. అలా ఎవరూ దొరకనప్పుడే బలవంతంగా ఆపాలి, దీన్నే డినైడ్ బోర్డింగ్ అంటారు. ఆపితే పరిహారం ఇవ్వాలి.

ఆ పరిహారం ఎంతో చూద్దాం. మీ అసలు విమానం బయల్దేరాల్సిన టైము నుంచి గంటలోపు బయల్దేరే వేరే విమానంలో పంపిస్తే ఏమీ రాదు. గంట దాటి, 24 గంటలలోపు బయల్దేరే విమానంలో పంపిస్తే ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఫ్యూయల్ ఛార్జీ కలిపిన మొత్తానికి రెండింతలు, గరిష్ఠంగా 10,000 రూపాయలు. 24 గంటలు దాటితే నాలుగింతలు, గరిష్ఠంగా 20,000. వేరే విమానమే వద్దంటే టికెట్ డబ్బు మొత్తం వాపసు, దానిపైన మళ్లీ నాలుగింతలు, అదే 20,000 పరిమితితో.

ఈ చివరిది చాలామందికి తెలియదు. ఒక లెక్క వేసి చూడండి. హైదరాబాద్ నుంచి విశాఖకు రాత్రి 7:10 విమానం. టికెట్ మొత్తం 4,650. అందులో బేసిక్ ఛార్జీ 3,100, ఫ్యూయల్ ఛార్జీ 400, మిగతావి పన్నులు, ఎయిర్‌పోర్ట్ ఫీజులు. కాబట్టి లెక్కకు వచ్చేది 3,500. మర్నాడు పొద్దున 6:20 విమానం ఒప్పుకుంటే మీకు వచ్చేది 7,000. "నాకు పొద్దున విమానం వద్దు" అంటే టికెట్ డబ్బు 4,650, పరిహారం 14,000, మొత్తం 18,650. పెళ్లి ముహూర్తం తెల్లవారుజామునే ఉంటే పొద్దున విమానం ఎలాగూ మీకు పనికిరాదు. అలాంటప్పుడు ఆ విమానం వద్దని చెప్పి ఈ డబ్బు తీసుకోవడమే మేలు. అందుకే కౌంటర్‌లో అడగ్గానే జవాబివ్వకండి. ఐదు నిమిషాలు టైము తీసుకోండి. టికెట్ పీడీఎఫ్‌లో ఛార్జీల విభజన చూడండి. ఫ్యూయల్ ఛార్జీ ఉంటే సాధారణంగా YQ అన్న కోడ్‌తో కనిపిస్తుంది, కొన్ని టికెట్లలో అసలు ఉండదు.

ఇక గేటు దగ్గర. అరవాల్సిన పని లేదు. మెల్లగా, స్పష్టంగా ఇంత చెప్పండి: "నేను వాలంటీర్ కాను. నాది కన్ఫర్మ్డ్ టికెట్, టైముకే రిపోర్ట్ చేశాను. ఇది డినైడ్ బోర్డింగ్. కారణం రాసివ్వండి. డీజీసీఏ నిబంధన ప్రకారం నాకు రావాల్సిన పరిహారం ఎంతో చెప్పండి. డ్యూటీ మేనేజర్‌ను పిలవండి." మొదటి వాక్యమే అన్నిటికంటే ముఖ్యం. వాలంటీర్‌గా ఒప్పుకుంటే సంస్థ ఇస్తానన్నదే మీకు దక్కుతుంది, పైన చెప్పిన లెక్క వర్తించదు. నిజంగానే తొందర లేనివాళ్లు ఒప్పుకోవచ్చు, కానీ ఏమిస్తారో రాతలో తీసుకున్నాకే. రాత్రంతా ఆగాల్సి వస్తే భోజనం, గది, రానూపోనూ కారు కూడా అప్పుడే అడగండి. హోటల్‌కు వెళ్లాక ఫోన్‌లో అడిగితే పని జరగదు.

మోసపోయేది ఎక్కువగా మూడు చోట్ల. ఒకటి, వోచర్. పరిహారం నగదుగానో, బ్యాంకు ద్వారానో, రిఫండ్ ఆర్డర్‌గానో ఇవ్వాలి. మీరు సంతకం చేసి ఒప్పుకుంటేనే వోచర్ ఇవ్వొచ్చు. అంటే "ఇక్కడ సంతకం పెట్టండి, వోచర్ వస్తుంది" అన్న కాగితమే మీ హక్కును వోచర్‌గా మార్చేస్తుంది. పూర్తిగా చదవకుండా పెట్టకండి. రెండోది, ఫోన్‌కు వచ్చే లింకు. "మీ కొత్త ఫ్లైట్ అంగీకరించండి" అన్న బటన్ నొక్కితే, మీ ఇష్టంతోనే మార్చుకున్నారని తర్వాత వాదించే వీలు వాళ్లకు దొరుకుతుంది. పరిహారం మాట తేలాకే నొక్కండి.

మూడోది అన్నిటికంటే చెడ్డది: రికార్డులో "లేటుగా వచ్చారు" అనో "నో షో" అనో రాయడం. అలా రాస్తే పరిహారం మాటే ఉండదు. ఎక్కువ సంస్థలు దేశీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ 60 నిమిషాల ముందు, గేటు 25 నిమిషాల ముందు మూసేస్తాయి. కాబట్టి అనుమానం రాగానే సాక్ష్యం పోగేయండి: కౌంటర్ పైనున్న స్క్రీన్‌లో టైము కనిపించేలా ఫోటో, బ్యాగేజీ ట్యాగ్, బోర్డింగ్ పాస్. రాసివ్వమంటే ఇవ్వకపోతే, అక్కడి నుంచే సంస్థ కస్టమర్ కేర్‌కు మెయిల్ కొట్టండి. "ఇన్ని గంటలకు ఫలానా కౌంటర్ దగ్గర ఉన్నాను, సీటు లేదన్నారు, నేను వాలంటీర్ కాను" అని రెండు మూడు లైన్లు చాలు. ఆ మెయిల్ మీద పడే టైమే తర్వాత మీ తరఫున మాట్లాడుతుంది.

అనుమానం ఎప్పుడు రావాలంటే, వెబ్ చెక్-ఇన్‌లో సీటు నంబర్ ఇవ్వకుండా "ఎయిర్‌పోర్ట్‌లో కేటాయిస్తాం" అన్నప్పుడు, లేదా బోర్డింగ్ పాస్‌లో సీటు బదులు SBY, అంటే సీటు ఇంకా ఖాయం కాని స్టాండ్‌బై, అని ఉన్నప్పుడు. సాధారణంగా ఆఖర్లో చెక్-ఇన్ చేసినవాళ్లే ముందు బలవుతారు. అందుకే వెబ్ చెక్-ఇన్ తెరవగానే చేసేయండి.

"ఇది ఓవర్‌బుకింగ్ కాదు, చిన్న విమానం వచ్చింది" అన్నా, "కొన్ని సీట్లు పాడయ్యాయి" అన్నా వెనక్కి తగ్గకండి. వాతావరణం లాంటి మినహాయింపులు విమానం రద్దయినప్పుడూ, ఆలస్యమైనప్పుడూ చెప్పేవి. విమానం ఎగిరిపోయి మీరొక్కరే కింద ఉండిపోతే ఆ సాకు చెల్లదు. డినైడ్ బోర్డింగ్ నిబంధన పాటించనందుకు 2022 జూన్‌లో డీజీసీఏ ఎయిర్ ఇండియాకు 10 లక్షల జరిమానా వేసింది. తనిఖీలు జరిగిన చోట్లలో హైదరాబాద్ కూడా ఉంది.

అమెరికా నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట. అక్కడి ఎయిర్‌పోర్ట్ నుంచి బయల్దేరే విమానంలో బలవంతంగా ఆపితే అక్కడి రూలు వర్తిస్తుంది, మొత్తాలు మనకంటే చాలా ఎక్కువ. హక్కులు రాసున్న కాగితం అడగండి, ఇచ్చి తీరాలి.

ఇంటికొచ్చాక డబ్బు రాకపోతే, ముందు సంస్థ వెబ్‌సైట్‌లో ఉండే నోడల్ ఆఫీసర్‌కు, తర్వాత అప్పిలేట్ అథారిటీకి రాయండి. దాంతోపాటే కేంద్ర విమానయాన శాఖ వెబ్‌సైట్ airsewa.gov.in లో ఫిర్యాదు పెట్టండి. ఫిర్యాదులో కోపం వద్దు, లెక్క రాయండి: బేసిక్ ఇంత, ఫ్యూయల్ ఇంత, కొత్త విమానం ఇన్ని గంటల తర్వాత, కాబట్టి రావాల్సింది ఇంత. అప్పటికీ కదలకపోతే మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. టికెట్ ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.