టీమ్ ఫ్లైట్ల మెసేజ్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మాది అనంతపురం. టీమ్‌లో సగం మంది ఇక్కడ, మిగతావాళ్లు కర్నూలులో. ఆఫ్‌సైట్ వస్తే ఫ్లైట్ల సంగతి నేనే చూస్తాను. కొన్నేళ్లుగా గ్రూపులో ఒకే తీరు మెసేజ్ పెడుతున్నాను. గోవాకు పోయినప్పుడు పెట్టింది ఇది:

"అందరూ మోపా (GOX)లోనే దిగాలి, డబోలిమ్ (GOI) వద్దు. 12న ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 1 లోపు ల్యాండ్ అవ్వాలి. రానూపోనూ బ్యాగు, సీటు, ఫీజులతో సహా మనిషికి రూ. 9,000. ఆ లోపైతే నన్ను అడక్కుండా బుక్ చేసుకోండి. దాటితే డబ్బు కట్టకముందే స్క్రీన్‌షాట్ పెట్టండి. శుక్రవారం సాయంత్రం 6 వరకే."

ఇందులో మొదటి వాక్యమే అన్నిటికన్నా విలువైనది. 2023 జనవరిలో మోపా మొదలైనప్పటి నుంచి గోవాకు రెండు ఎయిర్‌పోర్టులు. ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. గోవా అని వెతికితే రెండింటి ఫ్లైట్లూ కలిసే వస్తాయి. తక్కువ ధర చూసి ఒక్కరు అటు దిగినా వ్యాన్ ప్లాన్ మొత్తం పోతుంది.

'ల్యాండ్' అని రాయడం కూడా అందుకే. "నాది తొమ్మిదిన్నర ఫ్లైట్" అంటే అది బయలుదేరే టైం. వ్యాన్‌కు కావాల్సింది దిగే టైం. చివరివాళ్లు ఒంటి గంటకు దిగినా లగేజీ తీసుకుని బయటికి వచ్చేసరికి ఇంకో ముప్పావుగంట పడుతుంది కాబట్టి వ్యాన్ రెండింటికి చెబుతాను.

బడ్జెట్ దగ్గర 'సహా' అన్న మాట లేకపోతే గొడవే. కర్నూలు అన్నకు హైదరాబాద్ నుంచి రానూపోనూ రూ. 8,000 కనిపించింది. అది చేతి బ్యాగుకు మాత్రమే. పెద్ద బ్యాగు, సీటు, ఫీజు కలిపితే 9,600 అయింది. స్క్రీన్‌షాట్ పెట్టాడు. సీటు ఎంపిక తీసేసి, ఇద్దరికి ఒకే పెద్ద బ్యాగు పెట్టుకుంటే 8,700కు వచ్చింది.

ఎవరిది వాళ్లే బుక్ చేయమనడానికీ కారణముంది. తక్కువ ధరలో రెండు సీట్లే మిగిలి ఉంటే, నలుగురికి కలిపి వెతికినప్పుడు నలుగురికీ పై ధరే చూపిస్తుంది. పదిమంది దాటితే మాత్రం గ్రూప్ బుకింగ్ అడగడం మేలు.

లోటు ఒకటుంది. ఈ మెసేజ్‌లో రోడ్డు లెక్క లేదు. బెంగళూరు ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్లి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టు ఉన్న శంషాబాద్ రెండూ మనవైపు నుంచి పోతే ఊరు రాకముందే తగులుతాయి, అది మన అదృష్టం. అయినా 11కు గోవాలో దిగాలంటే అనంతపురంలో తెల్లవారుజామున నాలుగున్నరకే కారెక్కాలి. చంటిబిడ్డ ఉన్న అక్క అది కష్టమని చెప్పింది, నిజమే. అప్పటి నుంచి మధ్యాహ్నం 12 నుంచి 2 అని పెడుతున్నాను. కారు ఖర్చు 9,000లో కలపకుండా వేరే వాక్యంగా రాస్తున్నాను.