వారం, పక్షం, అర్ధమాసం: మూడు బట్వాడా పద్ధతులతో పదేళ్లు

విజయనగరం జిల్లాలో గోనె సంచులు కుట్టే ఒక చిన్న కర్మాగారంలో టైమ్ ఆఫీసు గుమాస్తాగా నేను 2015 నుంచి మస్టర్లు రాస్తున్నాను. ఈ కాలంలో మా యాజమాన్యం మూడు కూలి బట్వాడా పద్ధతులను మార్చింది. మొదట వారం వారం, 2018 నుంచి నెలకు రెండుసార్లు, 2025 జనవరి నుంచి పద్నాలుగు రోజులకొకసారి. మూడింటినీ చేతితో లెక్క కట్టి, తరువాత కంప్యూటర్‌లో నడిపిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఎక్కువగా చెప్పదలచుకున్నది ఒక్క విషయం: బట్వాడా కాలం ముగిసే రోజు వారం మధ్యలో పడితే ఆ వారపు గంటలు ఏమవుతాయన్నది.

ముందుగా ఒక మాట చిక్కు విప్పాలి. మన వాడుకలో పక్షమంటే పదిహేను రోజులు. అందువల్ల పద్నాలుగు రోజుల లెక్కనూ, నెలను 15వ తేదీ దగ్గర రెండుగా విరిచే లెక్కనూ మావాళ్లు ఒకే పేరుతో ‘పక్షం బట్వాడా’ అంటారు. మొదటిది ఏడాదికి 26 సార్లు వస్తుంది, ఎప్పుడూ వారంలోని ఒకే రోజున ముగుస్తుంది. రెండోది 24 సార్లే వస్తుంది, దాని రెండో సగం ఫిబ్రవరిలో సాధారణంగా 13 రోజులు, జూలైలో 16 రోజులు ఉంటుంది. ఈ రెండోదాన్ని నేను అర్ధమాస పద్ధతి అంటాను.

వారపు బట్వాడా కూలీలకు నచ్చింది, ఎందుకంటే మా ఊరి సంత శుక్రవారం, చేతికి డబ్బు గురువారం సాయంత్రమే అందేది. నాకు మాత్రం ఏడాదికి 52 కూలి పట్టీలు రాయవలసి వచ్చేది. గంటల లెక్క ఇందులోనైనా సాఫీగా ఉండాలి కదా అనిపిస్తుంది, కానీ ఉండలేదు. అప్పట్లో మాకు వర్తించిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో వారమంటే, ప్రత్యేక అనుమతి లేనప్పుడు, శనివారం అర్ధరాత్రి మొదలయ్యే ఏడు రోజులు. మేము సంత కోసం గురువారం లెక్క ముగించేవాళ్లం. అంటే పట్టీలోని వారం వేరు, ఓవర్‌టైమ్ లెక్కించవలసిన వారం వేరు. పట్టీ పేరులో వారం ఉన్నంత మాత్రాన సరిహద్దు చిక్కు తీరదని నాకు అప్పుడే తెలిసింది.

అర్ధమాస పద్ధతిలో ఆ చిక్కు దాదాపు ప్రతి పట్టీకీ వస్తుంది. అదే చట్టం 59వ సెక్షన్ ప్రకారం రోజుకు 9 గంటలు గానీ వారానికి 48 గంటలు గానీ దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాల్సి ఉండేది. 2024 జూలై 28 ఆదివారం నుంచి ఆగస్టు 3 శనివారం వరకు ఉన్న వారాన్ని తీసుకోండి. మా ఫిట్టర్ ఒకాయన సోమవారం నుంచి శనివారం వరకు, భోజన విరామం పోను, రోజుకు సరిగ్గా 9 గంటలు పని చేశాడు. మొత్తం 54 గంటలు. ఏ రోజూ 9 దాటలేదు కనుక రోజువారీ ఓవర్‌టైమ్ లేదు, వారానికి మాత్రం 6 గంటలు అదనం. అయితే జూలై పట్టీ 31వ తేదీ బుధవారంతో ముగిసింది. అందులో ఆ వారానివి 27 గంటలు, ఆగస్టు పట్టీలో మరో 27 గంటలు. మా కంప్యూటర్ ప్రోగ్రాం ఏ పట్టీకి ఆ పట్టీ విడిగా చూసుకుని, 27 గంటలు 48 దాటలేదు కాబట్టి ఓవర్‌టైమ్ సున్నా అని రెండుసార్లు తేల్చింది. లెక్క తేలిక కోసం గంటకు 60 రూపాయలనుకుంటే, ఆయనకు 3,240 రూపాయలు వచ్చాయి. రావలసింది 48 గంటలకు 2,880, ఆరు గంటలకు రెట్టింపు చొప్పున 720, కలిపి 3,600. తేడా 360 రూపాయలు. పట్టీలో ఎక్కడా తప్పు కనబడదు, కూడికలన్నీ సరిపోతాయి, అందుకే ఈ నష్టాన్ని పట్టుకోవడం కష్టం. ఆయనే తన జేబు పుస్తకంలో రాసుకున్న గంటలతో వచ్చి అడిగేదాకా నేను గమనించలేదు.

దీనికి నేను పెట్టుకున్న ఉపాయం ఒక అదనపు గడి. కొత్త పట్టీ మొదట్లో ‘వెనుకటి పట్టీ నుంచి తెచ్చిన గంటలు’ అని రాసి, అక్కడ 27 వేస్తాను. శుక్రవారం సాయంత్రానికి ఆ వారం మొత్తం 45 అవుతుంది. శనివారం మొదటి 3 గంటలు మామూలు కూలికి, తక్కిన 6 ఓవర్‌టైమ్‌కు పోతాయి. ఆ విధంగా ఓవర్‌టైమ్ అంతా వారం ముగిసిన పట్టీలోనే పడుతుంది, మూసేసిన జూలై పట్టీని తిరిగి తెరవవలసిన పని ఉండదు. తెచ్చిన గంటలు లెక్కించడానికే గాని చెల్లించడానికి కావు. ఒకసారి ఆ గడిని మొత్తంలో కలిపేసి అవే గంటలకు రెండుసార్లు కూలి కట్టాను. అప్పటి నుంచి నెలాఖరున రెండు పట్టీల్లో చెల్లించిన గంటలను కూడి, మస్టర్‌లోని గంటలతో సరిచూసుకుంటూ వచ్చాను.

రాత్రి షిఫ్ట్ సంగతి వేరు. 31వ తేదీ రాత్రి 10కి వచ్చి మర్నాడు ఉదయం 6కు వెళ్లిన మనిషికి గడియారం ప్రకారం జూలైలో 2 గంటలు, ఆగస్టులో 6 గంటలు. ఆ చట్టం 57వ సెక్షన్ మాత్రం అర్ధరాత్రి దాటిన తరువాతి గంటలను వెనుకటి రోజులోనే లెక్కించమనేది. కాబట్టి ఎనిమిదీ 31వ తేదీవే. మా ప్రోగ్రాం అలా చేయక, జూలై పట్టీలో ఔట్ లేని ఇన్‌నూ, ఆగస్టు పట్టీలో ఇన్ లేని ఔట్‌నూ చూసి రెండింటినీ కొట్టివేసింది. ఆ మనిషికి షిఫ్ట్ మొత్తం గల్లంతయింది. 1వ తేదీ, 16వ తేదీ ఉదయాల్లో ఒంటరి పంచ్‌ల జాబితా తీసి చూస్తే ఇది వెంటనే బయటపడుతుంది. శనివారం రాత్రి షిఫ్ట్‌కూ ఇదే సూత్రం. అర్ధరాత్రి దగ్గర కోస్తే ఆరు గంటలు వచ్చే వారంలోకి జారి, రెండు వారాల ఓవర్‌టైమ్ కూడా తారుమారవుతుంది.

అర్ధమాస పద్ధతికి ఒక మంచి గుణం ఉందని ఒప్పుకోవాలి. మన రాష్ట్రంలో కనీస వేతనాల కరువు భత్యం ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. అర్ధమాసపు పట్టీ ఆ తేదీని ఎప్పుడూ దాటదు. పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలు నెలవారీవే కాబట్టి అవి కూడా చక్కగా కుదురుతాయి.

ఇప్పటి పద్నాలుగు రోజుల పద్ధతిలో మొదటి పట్టీ 2024 డిసెంబర్ 29 ఆదివారం మొదలై జనవరి 11 శనివారం ముగిసింది, డబ్బు సోమవారం, భోగి నాడు చేతికందింది. ఏ వారమూ విరగదు కనుక తెచ్చిన గంటల గడి అవసరమే పోయింది. చిక్కంతా నెలల వైపు చేరింది. సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 4 వరకు నడిచిన పట్టీలో పది రోజులకు పాత భత్యం, నాలుగు రోజులకు కొత్తది వేయవలసి వచ్చింది. పీఎఫ్ కోసం ప్రతి నెలా కొసరు రోజుల కూలిని వేరు కాగితం మీద విడదీస్తున్నాను. జూన్‌లో 2, 16, 30 తేదీల్లో మూడు బట్వాడాలు పడ్డాయి. నెలకు వెయ్యి చొప్పున తీర్చే అప్పును బట్వాడాకు ఐదు వందలుగా కోస్తున్నవారికి ఆ నెల పదిహేను వందలు కోతపడింది. మూడో బట్వాడాలో అప్పు కోయకుండా ఉండేలా తరువాత సర్దాము.

పనివాళ్లు ఇప్పటికీ దీన్ని పక్షం బట్వాడా అనే పిలుస్తారు, 15వ తేదీ వచ్చేసరికి ఒకరిద్దరు కిటికీ దగ్గరకు వచ్చి డబ్బులు ఎప్పుడని అడుగుతారు. అందుకని ఏడాది మొత్తానికి బట్వాడా సోమవారాల జాబితాను అట్టపై రాసి కిటికీ పక్కనే తగిలించాను.