నడుస్తున్న మందుల షాపుకు వెల కట్టే లెక్క: కొన్నప్పుడూ అమ్మినప్పుడూ నేను వాడి చూసింది

గుంటూరులో నడుస్తున్న ఒక మందుల షాపును నేను 2009లో కొని, పద్నాలుగేళ్లు నడిపి, 2023లో అమ్మాను. రెండుసార్లూ వెల కట్టింది ఒకే పద్ధతిలో: ఏడాది మిగులుకు కొన్ని రెట్లు కట్టి, దానికి సరుకు ధరా సామాను ధరా కలపడం. కాబట్టి, అది ఎంతవరకు పనికొచ్చిందో, ఎక్కడ నన్ను తప్పుదారి పట్టించిందో రెండు వైపుల నుంచీ చెప్పగలను.

నెల అమ్మకానికి ఇన్ని రెట్లు అని ధర చెప్పడం కంటే ఈ పద్ధతి నమ్మదగినది, ఎందుకంటే ఇది అమ్మకాన్ని కాక మిగులును చూస్తుంది. నేను అమ్మేనాటికి నెలకు నాలుగున్నర లక్షల అమ్మకం ఉండేది, అందులో నూటికి సగటున 18 రూపాయల చొప్పున 81,000 లాభం వచ్చేది. అద్దె, ఫార్మసిస్టు జీతం, కుర్రాడి జీతం, కరెంటు కలిపి 43,000 పోగా 38,000 మిగిలేది. ఆ 38,000ను నా లాభమని నేను ఏళ్ల తరబడి అనుకున్నాను గాని, కొనడానికి వచ్చినతను దానిలోంచి మరో 20,000 తీసేశాడు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా గల్లాపెట్టె దగ్గర నేను కూర్చునే చోట మరొకరిని పెడితే ఇవ్వవలసిన జీతం అది. మొదట బాధ కలిగినా, అతను చెప్పింది న్యాయమే: నా కష్టం నాతోపాటే షాపు విడిచి వెళుతుంది, కొనేవాడికి మిగిలేది నెలకు 18,000, అంటే ఏడాదికి 2,16,000 మాత్రమే. సొంత గదిలో షాపు నడిపేవారు, ఇదే రీతిలో, తాము కట్టని అద్దెను కూడా ఖర్చుగా రాసుకోవాలి.

ఆ ఏడాది మిగులుకు రెండు రెట్లు, అంటే 4,32,000, గుడ్‌విల్ కింద ఒప్పుకున్నాము. రెండే ఎందుకంటే, అదే వీధిలో కొత్త షాపు తెరిచి ఈ అమ్మకం వరకు తీసుకురావడానికి సుమారు రెండేళ్లు పడుతుందని ఇద్దరమూ అంచనా వేశాము; కొనేవాడు డబ్బు ఇచ్చేది ఆ రెండేళ్ల నిరీక్షణ తప్పించుకోవడానికే.

సరుకును ఎమ్మార్పీతో కాకుండా కొన్న ధరతో లెక్కించాలి. ఒక ఆదివారం షాపు మూసి, అర అరా లెక్కపెడితే 6,40,000 తేలింది. అందులో ఎక్స్‌పైరీ దగ్గరపడినవీ, ఆరు నెలలుగా కదలనివీ 70,000 విలువైనవి నేనే ఉంచుకుని, స్టాకిస్టులు వెనక్కి తీసుకున్నంత మేరకు తిప్పి పంపాను. ఫ్రిజ్‌కూ అద్దాల అరలకూ 60,000 కట్టగా మొత్తం 10,62,000 అయింది. ఇంటి యజమాని దగ్గరున్న అడ్వాన్సు ఈ లెక్కలోకి రాదు, స్టాకిస్టుల బాకీలు మాత్రం నేనే తీర్చాను.

అమ్మకం నిజమా కాదా అన్నది అతను నా మాట మీద నమ్మలేదు. ఏడాది కొనుగోలు బిల్లులు కూడి చూస్తే నెలకు 3,69,000 వచ్చింది, సరుకు నిల్వ పెరగకుండా అంత కొన్నామంటే నాలుగున్నర లక్షలు అమ్మినట్టే. జీఎస్టీ రిటర్నుల్లో చూపినదీ అదే. రిటర్నుల్లో తక్కువ చూపి, నోటితో ఎక్కువ చెప్పేవారికి ఇక్కడే ధర పడిపోతుంది, పైగా పాత పన్ను బాకీ ఉంటే వ్యాపారం కొన్నవాడూ చట్టప్రకారం బాధ్యుడవుతాడు కాబట్టి అతని జాగ్రత్త అర్థం చేసుకోదగినదే.

ఈ పద్ధతిలోని పెద్ద లోపం, నిన్నటి మిగులు రేపూ ఉంటుందని అది అనుకోవడం. నేను కొన్నప్పుడు లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎనిమిది నెలల తరువాత పక్కనున్న క్లినిక్ వేరే వీధికి మారడంతో అమ్మకంలో మూడో వంతు పోయింది, తిరిగి రావడానికి మూడేళ్లు పట్టింది. కొనేముందు పదిహేను రోజులు షాపులో కూర్చుని, ఎన్ని చీటీలు ఒకే డాక్టరువో లెక్కపెట్టి ఉంటే నాకు ముందే తెలిసేది. నా దగ్గర కొన్నతను ఆ పని చేశాడు. చీటీలు నలుగురైదుగురు డాక్టర్ల నుంచి వస్తున్నాయని చూశాకే రెండు రెట్లకు ఒప్పుకున్నాడు. చీటీల్లో సగం ఒక్కరివే అయితే నేనైతే ఒక రెట్టు కంటే ఎక్కువ ఇవ్వను.

డ్రగ్ లైసెన్సు షాపుతోపాటు చేతులు మారదు, కొన్నవాడు తన పేరున కొత్తది తెచ్చుకోవాలి. గది అద్దె ఒప్పందమూ అంతే. అందుకని లక్ష రూపాయలు చివరికి ఆపి, లైసెన్సు చేతికొచ్చి, ఇంటి యజమాని కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజున ఇచ్చేలా రాసుకున్నాము. ఆ సొమ్ము నాకు మూడో నెలలో అందింది. అప్పటిదాకా రోజూ సాయంత్రం షాపుకు వెళ్లి, పాత ఖాతాదారులను అతనికి పేరుపేరునా పరిచయం చేశాను.