బిల్లు ఫొటోల నుంచి ఖర్చుల పట్టిక: చేత్తో టైప్ చేయడమా, ఓసీఆర్‌తో లాగడమా?

ఈ మధ్య ఇదే ప్రశ్న పదే పదే అడుగుతున్నారు. బిల్లులన్నీ ఫోన్‌లో ఫొటోలుగా పడి ఉన్నాయి, వాటిని తేదీ, వస్తువు, మొత్తం, వర్గం అంటూ పట్టికలోకి ఎక్కించాలంటే కూర్చుని టైప్ చేయాలా, లేక ఫొటోలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్‌కి అప్పజెప్పాలా అని. నేను రెండూ చేశాను. మొదట మూడు నెలలు టైప్ చేశా, విసుగొచ్చి తర్వాత నాలుగు నెలలు ఓసీఆర్ మీద పడ్డా, ఇప్పుడు మళ్లీ సగానికి పైగా బిల్లులు చేత్తోనే ఎక్కిస్తున్నా.

వేగం సంగతైతే వాదించడానికేమీ లేదు, ఓసీఆర్ ఒక బిల్లుని కొన్ని సెకన్లలో చదివేస్తుంది. కానీ టైమ్ తినేది చదవడం కాదు, ఎక్కడ తప్పు చదివిందో వెతకడం. అందుకే నా దృష్టిలో ఈ పోటీని తేల్చేది ఒక్కటే: తప్పు పడితే అది నాకు తెలుస్తుందా లేదా. బిల్లు అడుగున దుకాణం వాళ్లు అచ్చేసిన టోటల్ ఉంటుంది చూడండి, మనకున్న ఏకైక సాక్షి అదే. వరుసలన్నీ కూడితే ఆ టోటల్ రావాలి. రాకపోతే ఆ బిల్లు ఇంకా ఎక్కనట్టే.

నా పట్టికలో 17వ నంబరు ఇచ్చిన బిల్లు చూపిస్తాను. ఓసీఆర్ దాన్ని ఇలా చదివింది:

```
SOAP BAR 2x35.00      70.00
NOTE BOOK 3x40.00    120.00
LED BULB              90.00
BATTERY AA            60.00
DET POWDER 1K        130.00
DISCOUNT             -26.00
TOTAL                494.00
```

చూస్తే ఎంత శుభ్రంగా ఉందో. ఒక్క అక్షరం కూడా వంకరగా లేదు. కానీ కూడితే 444 వస్తోంది, టోటల్‌కి 50 తక్కువ. ఫొటో పెద్దది చేసి చూస్తే డిటర్జెంట్ పౌడర్ పక్కన ఉన్నది 130 కాదు, 180. కాగితం మీద అచ్చు సరిగ్గా పడక 8 ఎడమ పక్క తెరుచుకుంటే ఓసీఆర్‌కి అది 3 లాగే కనిపిస్తుంది. ఇక్కడే నాకు ఓసీఆర్ అంటే భయం. పిచ్చి గుర్తులు పడితే మనకే కనిపిస్తాయి, ఇలా చక్కటి అంకె పడితే కన్ను జారిపోతుంది.

అందుకే ప్రతి బిల్లుకీ ఒక తేడా గడి పెట్టుకున్నాను. A లో తేదీ, B లో బిల్లు నంబరు, C లో వస్తువు, D లో మొత్తం, E లో వర్గం. ఈ బిల్లుకి సూత్రం ఇది:

```
=ROUND(SUMIFS(D:D,B:B,17)-494,2)
```

సున్నా వస్తే బిల్లు టాలీ అయినట్టు. ROUND ఎందుకంటే, పైసల్లాంటి దశాంశాలు కూడినప్పుడు కంప్యూటర్ ఒక్కోసారి సున్నాకి బదులు 5.7E-14 లాంటి వింత సంఖ్య చూపిస్తుంది, దాన్ని చూసి అనవసరంగా టెన్షన్ పడతాం. ఇంకో మాట, ఆ 494 మాత్రం ఫొటో చూసి నేనే టైప్ చేస్తాను, ఓసీఆర్ చదివింది పెట్టను. సాక్షినే తప్పు చదివితే మిగతా వరుసలు సరిగ్గా ఉన్నా వాటినే అనుమానిస్తూ కూర్చుంటాం.

తేడా ఎంతో చూస్తే తప్పు ఏ రకమో కూడా చాలాసార్లు తెలిసిపోతుంది. 5, 50, 0.50 తేడా ఉంటే 8ని 3గా చదివిందేమో ముందు చూడండి. తేడా సరిగ్గా ఒక వస్తువు ధరంత తక్కువ ఉంటే ఆ వరుస ఎగిరిపోయింది. అంతే ఎక్కువ ఉంటే రెండుసార్లు పడింది, పొడుగు బిల్లుని రెండు ఫొటోలుగా తీసినప్పుడు అతుకు దగ్గర ఇది మామూలే. తేడా డిస్కౌంట్‌కి రెట్టింపు ఉంటే, ఇక్కడైతే 52, మైనస్ గుర్తు చదవకుండా వదిలేసి దాన్ని ఖర్చులో కలిపేసింది. బిల్లు అడుగున పన్ను వివరం విడిగా అచ్చేసి ఉంటే అది పైన ధరల్లోనే కలిసి ఉందో లేదో చూసుకోవాలి, కలిసి ఉన్నదాన్ని మళ్లీ వరుసగా ఎక్కిస్తే తేడా ఆ పన్నంత వస్తుంది.

ఇక చేత్తో టైప్ చేస్తే తప్పులు రావా అంటే బోలెడు వస్తాయి, కాకపోతే వాటి తీరు వేరు. మన వేళ్లు అంకెల్ని తారుమారు చేస్తాయి, 180ని 108 అని కొడతాయి, లేదా చుక్క వదిలేసి 60.00 ని 6000 చేస్తాయి. ఈ రెండు రకాలకీ పాత గుమాస్తాల చిట్కా ఒకటుంది, తేడా 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది. 180కి బదులు 108 పడితే తేడా 72, అంటే ఎనిమిది తొమ్మిదులు. 60కి బదులు 6000 పడితే 5940, అదీ 9తో పోతుంది. అందువల్ల తేడా 9తో పోతే నేను ఫొటో వైపు చూడకముందే నా వేళ్లని అనుమానిస్తా. చుక్క వదిలేయడం ఓసీఆర్ కూడా చేస్తుంది లెండి, మసక బిల్లుల మీద మరీనూ.

అంటే మొత్తాల విషయంలో రెండూ సమానమే, తేడా గడి రెండింటినీ పట్టుకుంటుంది. నా తక్కెడ చేతి టైపింగ్ వైపు మొగ్గింది మాత్రం వస్తువుల పేర్ల దగ్గర.

వర్గాల వారీ మొత్తం కావాలంటే ప్రతి వస్తువు పక్కనా వర్గం ఉండాలి. ప్రతిసారీ రాయడం ఎందుకని విడిగా ఒక షీటులో పేరుకి ఎదురుగా వర్గం రాసిపెట్టి, VLOOKUP తో, చివర FALSE పెట్టి, లాగించాను. టైప్ చేసిన నెలల్లో అది హాయిగా నడిచింది, ఎందుకంటే బిల్లు మీద DET POWDER అని ఉన్నా, DTRG PWDR అని ఉన్నా నేను రాసేది "బట్టల పౌడర్" అనే. ఓసీఆర్ అలా కాదు, ఉన్నది ఉన్నట్టు దింపుతుంది, పైగా ఒకసారి P0WDER అని O అక్షరానికి బదులు సున్నా పెట్టి దింపుతుంది. అలాంటి పేరు షీటులో దొరకదు, వర్గం గడిలో #N/A పడుతుంది. టోటల్ మాత్రం టాలీ అవుతుంది! ఈ తప్పుని మన సాక్షి పట్టలేదు. నాలుగో నెల చివరికి నా షీటులో ఒక్క పౌడర్‌కే ఏడు పేర్లు పోగయ్యాయి, దాన్ని సర్దడానికి పట్టిన సాయంత్రం టైపింగ్‌లో మిగిల్చుకున్న టైమ్ అంతా మింగేసింది.

తేదీ కూడా ఇలాంటిదే, టోటల్‌కి దానితో పనిలేదు. 03/04 అని ఉంటే అది ఏప్రిల్ మూడో, మార్చి నాలుగో స్ప్రెడ్‌షీట్ తన సెట్టింగ్ ప్రకారం తేల్చేస్తుంది. నెల ముందుండే సెట్టింగ్‌లో 25/04/2025 పడితే నెల కుదరక మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది, అప్పుడు నెలవారీ లెక్కలో ఆ వరుస మాయం. గడిలో తేదీ ఎడమ పక్కకి అతుక్కుని ఉంటే అది తేదీ కాదు, అక్షరాలే. నిజమైన తేదీ కుడి పక్కకి ఉంటుంది, మీరు అమరిక మార్చకపోతే. నేను ఎప్పుడూ 2025-04-03 పద్ధతిలోనే రాస్తాను.

డిస్కౌంట్ గురించి కూడా చెప్పాలి, రెండు పద్ధతుల్లోనూ చాలామంది దీన్ని వదిలేస్తారు. 26ని మైనస్ వరుసగా పెట్టి "తగ్గింపు" అని వర్గం ఇస్తే మొత్తం టాలీ అవుతుంది కానీ ప్రతి వర్గమూ నిజంగా కట్టినదానికన్నా ఉబ్బి కనిపిస్తుంది. అదే వస్తువుల మీద పంచితే లెక్క నిజాయితీగా ఉంటుంది. వస్తువుల మొత్తం 520, కట్టింది 494, అంటే ప్రతి ధరనీ 494/520తో, అంటే 0.95తో గుణించాలి. సబ్బు 66.50, పౌడర్ 171, కలిపి శుభ్రత 237.50. నోటుపుస్తకాలు 114, అది చదువు. బల్బు 85.50, బ్యాటరీలు 57, కలిపి ఇంటి సామాను 142.50. మూడూ కూడితే 494. డిస్కౌంట్ ఒక్క వస్తువు మీదే ఇస్తే దాన్ని ఆ వస్తువులోంచే తీసేయండి, పంచకండి.

అన్నీ చెప్పాక ఓసీఆర్‌ని పూర్తిగా వదిలేశానా అంటే లేదు. పది వరుసలు దాటిన బిల్లుకి ఇప్పటికీ అదే. ముప్పై వరుసలు టైప్ చేస్తుంటే పదిహేనో వరుస దగ్గర కళ్లు పక్క వరుసలోకి జారిపోతాయి. ఉచితంగా దొరికే టెసరాక్ట్ వాడతాను, అందులో ఒక్క విషయం తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది. మామూలుగా నడిపితే అది పేజీని తనంతట తనే భాగాలుగా విడగొడుతుంది, బిల్లులో పేర్లకీ ధరలకీ మధ్య పెద్ద ఖాళీ ఉంటుంది కదా, ఒక్కోసారి వాటిని రెండు కాలమ్‌లనుకుని ముందు పేర్లన్నీ, తర్వాత ధరలన్నీ దింపుతుంది. ఏ ధర దేనిదో ఇక మనమే జత చేసుకోవాలి. మొత్తాన్ని ఒకే దిమ్మగా చదవమని చెప్తే వరుసలు వరుసలుగానే వస్తాయి:

```
tesseract bill17.jpg bill17 --psm 6
```

దీనితో bill17.txt వస్తుంది. ఫొటో మాత్రం బిల్లుని చదునుగా పరిచి, నిటారుగా పైనుంచి, మన నీడ పడకుండా తీయాలి. మడత మీద పడిన వరుసని ఏ ఓసీఆరూ నమ్మకంగా చదవదు.

మిగతా దారులు క్లుప్తంగా. ఖర్చుల యాప్‌లలో చాలావాటికి దుకాణం పేరు, తేదీ, టోటల్ వస్తే చాలు, వరుసలు పట్టించుకోవు. ఒక బిల్లుకి ఒకే వర్గం చాలనుకునేవాళ్లకి అవి బాగానే ఉంటాయి. ఎక్సెల్‌లో ఫొటో నుంచి పట్టిక తెచ్చే From Picture అనుమానం ఉన్న గడుల్ని చూసుకోమని గుర్తు పెట్టి ఇస్తుంది, మంచిదే, కానీ నమ్మకంగా తప్పు చదివిన గడికి ఆ గుర్తు ఉండదు. ఫోన్ కెమెరాలోంచి అక్షరాలు కాపీ చేసుకోవడం రెండు మూడు వరుసలకి సరే.

ఇప్పుడు నా పద్ధతి ఇదీ: బిల్లు చేతికొచ్చిన రోజే ఫొటో, ఎందుకంటే వేడికి నల్లబడే ఆ థర్మల్ కాగితం మీద అక్షరాలు ఎండకీ ప్లాస్టిక్ కవర్లకీ వెలిసిపోతాయి. ఆదివారం పొద్దున తెర ఒక పక్కన ఫొటో, ఇంకో పక్కన షీటు. చిన్న బిల్లులు చేత్తో. పెద్దవి టెసరాక్ట్‌తో, పేర్లు మాత్రం నా మాటల్లోకి మార్చి. రెండు బిల్లుల దగ్గర మాత్రం తేడా గడి ఇప్పటికీ సున్నా కాలేదు. రెండింటిలోనూ ఒక్కో వరుస పూర్తిగా వెలిసిపోయింది. ఆ వరుసల్లో పేరు "తెలియదు" అని రాసి, తేడా ఎంతుందో అంతే మొత్తంగా పెట్టాను.