మంగళగిరి చీర: మగ్గానిదా, మరమగ్గానిదా? ఏ ధరకు ఏది మేలు

బెజవాడ వస్త్రలతలోనో, గుంటూరు పట్నం బజారులోనో నిజాం అంచు కాటన్ చీర అడిగితే ఒకే పోలికతో రెండు చీరలు బల్ల మీద పడతాయి. ఒకటి ఎనిమిది వందలు, ఇంకోటి రెండు వేల రెండొందలు అనుకుందాం. రెండింటికీ అదే గోపురం పళ్ల అంచు, అదే రంగు. పైగా రెండూ "చేనేతేనమ్మా, కళ్లు మూసుకుని తీసుకోండి" అంటాడు కొట్టతను. ఒక చీరకు ఏం ఖర్చవుతుందో లెక్క తెలిస్తే, ఆ మాట ఏ చీరకు చెల్లుతుందో మనమే చెప్పొచ్చు.

ముందు నూలు. మంగళగిరి చీరకు మామూలుగా వాడేది 80వ నంబరు సన్న నూలు, నిలువు పోగులైన పడుగుకీ అడ్డం పోగులైన పేకకీ కూడా. రవికె గుడ్డతో కలిపి ఆరుంపావు మీటర్ల చీరకు, అంగుళానికి డెబ్బై పోగుల లోపు చొప్పున లెక్కేస్తే, మూడు వందల గ్రాముల చిల్లర నూలు పడుతుంది. రంగు అద్దకంతో కలిపి కిలో ఎనిమిది వందలు వేసుకున్నా చీరలో నూలు ఖరీదు రెండొందల యాభై దాటదు. మరమగ్గం చీరలోనూ స్వచ్ఛమైన 80వ నంబరు నూలే ఉంటే దానికీ అంతే అవుతుంది. అంటే ఈ పధ్నాలుగు వందల తేడా నూలు వల్ల వచ్చింది కాదు.

తేడా వచ్చేది నేతలో. ఆ చీరకు పేక సుమారు పదిహేడు వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. పేకను అటూ ఇటూ మోసే నాడె ఉన్న పాత రకం మరమగ్గం నిమిషానికి నూట ఇరవై సార్లు విసిరినా రెండున్నర గంటల లోపే చీర దిగుతుంది, పైగా ఒకే మనిషి నాలుగైదు మగ్గాలు చూసుకుంటాడు. చేత్తో నేసే గుంట మగ్గం మీద పోగు తెగడం, కండె మార్చడం, గుడ్డ చుట్టుకోవడం అన్నీ కలుపుకుంటే నిమిషానికి ముప్పై పేకలు పడటమే గొప్ప. అలా తొమ్మిది, పది గంటల నేత. జరీ అంచు, పైట కొంగు ఉంటే రెండు రోజులు. పడుగు తయారీ, ఆసు పోయడం, అతకడం వేరే చేతుల పని. రోజుకు ఐదొందల కూలి అన్నా నేత ఒక్కటే వెయ్యి రూపాయలు. దాని మీద నూలు, జరీ, నూలిచ్చి నేయించే మాస్టర్ వీవర్ లాభం, కొట్టు లాభం. కాబట్టి నిజాం అంచు చేనేత చీర ఎనిమిది వందలకు వచ్చిందంటే ఎవరో నష్టపోతున్నారు, లేదా అది చేనేత కాదు. పాత సరుకు తగ్గింపు తప్ప మూడో దారి లేదు.

ధర ఎక్కువున్నంత మాత్రాన చేనేత అయిపోదు. ఇక్కడే చీర విప్పి చూడాలి. అంచు వెంబడి సూది గుచ్చినట్టు చిల్లులుంటే చేనేతేనని అందరూ చెబుతారు. ఆ గుర్తును నేను నమ్మను. గుడ్డ వెడల్పు ముడుచుకోకుండా సాగదీసి పట్టుకునే పుల్ల మరమగ్గానికీ ఉంటుంది, అదీ చిల్లులు వేస్తుంది. తేడా ఏమిటంటే చేనేతలో కొన్ని అంగుళాలకోసారి పుల్ల జరపడం వల్ల చిల్లులు విడివిడిగా, అటూ ఇటూగా ఉంటాయి. మరమగ్గం మీద పళ్ల చక్రం తిరుగుతూ వరసగా, సమంగా పొడుస్తుంది.

దానికంటే గట్టి పరీక్ష పేక లెక్క. ఫోన్ కెమెరా పెద్దది చేసి, స్కేలు పెట్టి, చీర ఒంట్లో మూడు చోట్ల ఒక్కో అంగుళంలో పేకలు లెక్కపెట్టండి. మగ్గం మీద నేతగాడే పేకను దగ్గరికి కొట్టి, నేసిన గుడ్డను చేత్తో చుట్టుకుంటాడు గనుక ఒకచోట 66, ఇంకోచోట 69, మరోచోట 64 వస్తాయి. మరమగ్గంలో గుడ్డ పళ్ల చక్రాల మీద ఒకే కొలతతో జరుగుతుంది, మూడు చోట్లా అదే అంకె. వెలుతురుకు ఎత్తి పట్టినా ఈ తేడా సన్నటి గట్టి చారలు, వదులు చారలుగా తెలుస్తుంది. అంచు చివర కూడా చూడండి. పేక పోగు చివరికంటా వెళ్లి వెనక్కి తిరగకుండా కత్తిరించిన కుచ్చులా ఉంటే అది నాడె లేని మరమగ్గం, ఇక వాదన అక్కర్లేదు. తిరిగి ఉంటే మాత్రం చేనేతేనని అనుకోకండి, నాడె ఉన్న మరమగ్గంలోనూ అలాగే తిరుగుతుంది.

పాలియెస్టర్ కలిసిన చీర ఇంకా చవగ్గా వస్తుంది. కుచ్చు నుంచి ఒక పోగు లాగి కాల్చితే నూలు కాగితం వాసనతో బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. కొట్టులో నిప్పు పెట్టనివ్వరనుకోండి, ఇంటికొచ్చాక చేసి, బిల్లులో స్వచ్ఛమైన కాటన్ అని రాయించుకుని ఉంటే వెనక్కి పట్టుకెళ్లండి.

జరీ దగ్గర మాటలు ఎక్కువ, సరుకు తక్కువ. అసలు జరీ అంటే పట్టు పోగు మీద వెండి రేకు చుట్టి బంగారు పూత వేసింది. రాగి తీగకు వెండి, బంగారు పూత వేసింది రెండో రకం, కొన్నేళ్లకు నల్లబడుతుంది. మూడోది మెరిసే ప్లాస్టిక్ రేకు. వెండి జరీ చీరలో ముప్పై గ్రాములే ఉందనుకుని, దాంట్లో సగం వెండి అనుకుని, ఆ రోజు వెండి ధరతో పదిహేను గ్రాములు గుణించండి. రెండు వేల రెండొందల చీరలో ఆ సొమ్ము ఇమడదు. ఈ ధరలో ఎవరైనా "ప్యూర్ జరీ" అంటే నవ్వి ఊరుకోవచ్చు. గీరితే లోపల పట్టు పోగు కనబడాలి. ఎర్రటి రాగి కనబడితే రెండో రకం. కాల్చితే కరిగి ముద్దకట్టేది ప్లాస్టిక్.

లేబుళ్లను ఒకదాని బదులు ఒకటి చూపిస్తారు, అది గమనించాలి. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ చెప్పేది చేత్తో నేశారని మాత్రమే, నూలు స్వచ్ఛత గురించి కాదు. సిల్క్ మార్క్ పట్టు స్వచ్ఛమైనదని చెబుతుంది. మరమగ్గం మీద నేసిన పట్టుచీరకూ అది ఉండొచ్చు, తప్పేం లేదు. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది, అది ఊరినీ పద్ధతినీ చెబుతుంది. ఈ మూడింటిలో ఏదీ జరీ గురించి మాట్లాడదు. దానికి దిక్కు బిల్లే. మార్క్ మీద నంబరు చీర చీరకూ వేరుగా ఉండాలి. రెండు చీరలకు ఒకే నంబరుంటే అది ముద్రించి అంటించిన కాగితమే.

ఇక ఏది కొనాలి? ఆఫీసుకు రోజూ కట్టి మెషిన్‌లో వేసే చీరకు, ఎనిమిది వందల మరమగ్గం కాటన్ నాకు అభ్యంతరం లేదు, అది కాటనే అయితే. గృహప్రవేశానికి ఇరవై మందికి పెట్టే చీరలకూ అదే. పెళ్లికి అత్తగారికి పెట్టేదయితే, పైన చెప్పిన పరీక్షలు నిలిచిన రెండు వేల చేనేతే. నేను వద్దనేది మధ్యలోని పదిహేను వందల చీర. దాంట్లో నేత మరమగ్గానిది, ధర మాత్రం చేనేత దగ్గరికి లాగినది, లేబులు అడిగితే "రేపు పంపిస్తాం" అంటారు. అదే కావాలనిపిస్తే బిల్లు మీద "చేనేత, 80వ నంబరు కాటన్, రాగి జరీ" అని రాసిమ్మనండి. రాయనంటే బేరం తొమ్మిది వందల నుంచి మొదలుపెట్టండి.